గుమ్మం దగ్గర ఆగిన పాట

పెళ్ళికొడుకు తల్లి హిల్డా లోవెన్ రూడీ వీన్స్‌కి పదిహేనేళ్ళుగా పెద్దదిక్కు. కెనడాలోని విన్నిపెగ్‌లో మెన్నొనైట్ క్రైస్తవుల పెళ్ళిళ్ళకీ సంతాపసభలకీ వాయించే నాలుగు తీగవాద్యాల మేళం ఆవిడది. మొదటి వయొలిన్ ఆవిడ, రెండో వయొలిన్ నోరు విప్పని డెన్నిస్, చెల్లో వర్నా, వయొలిన్ కన్నా కాస్త మందంగా పలికే వియోలా రూడీ. పాటలు కట్టి, ఏ వాద్యానికి ఏ స్వరాలో పంచి రాసేది కూడా రూడీయే. పెళ్ళికూతురు, ఫిలిపినోల అమ్మాయి లిగాయాకీ హిల్డాకీ మొదటి చూపునుంచే పడలేదు. అలాంటి పెళ్ళికి తను పాట కట్టడమంటే అడకత్తెరలో తల పెట్టడమేనని రూడీకి తెలుసు. తెలిసీ ఒప్పుకున్నాడు. హిల్డా కొడుకు కోర్ స్వయంగా అడిగాడు మరి. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి.

మార్చిలో హిల్డా ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. కోర్ కాఫీ కప్పు పట్టుకొని దాని పిడినే చూస్తున్నాడు. లిగాయా సిటీ బస్సుల ఆఫీసులో ఏ బస్సు ఏ వేళకి ఎక్కడుండాలో రాసే ఉద్యోగం చేస్తుంది. ఆమెకి ఏం కావాలో ఆమెకి బాగా తెలుసు.

"ఒక్క నిమిషం చాలు రూడీ గారూ," అంది. "మొదలయినట్టు కూడా తెలియకూడదు. మెల్లగా పేరుకుంటూ రావాలి. నేను లోపలికి అడుగు పెట్టినప్పుడు పాట ఎత్తుకోవాలి. ముందుకు చేరేసరికి నిండిపోవాలి. ఇంతకుముందు ఎవరూ వినని పాటయితే ఇంకా మంచిది. వెనకాల మా తమ్ముడు లిటో మెత్తగా తాళం పట్టుకుంటాడు."

"దేంతో పట్టుకుంటాడు?" అంది హిల్డా.

"కహోన్‌తో."

"పెట్టె మీద కూర్చుని ఆ పెట్టెనే బాదుతారు, అదేనా? చర్చిలో కుదరదు."

"బాదడు. బ్రష్షులతో రాస్తాడంతే."

"రాసుకోడానికి గోడలున్నాయిగా. వెనక గది గోడలు పెచ్చులూడిపోతున్నాయి, సున్నం కొట్టిపొమ్మను."

లిగాయా కప్పు కింద పెట్టింది. "సున్నం కొట్టే పని మావాళ్ళదని మీకెవరు చెప్పారు?"

"నేను వాడి గురించి అన్నాను. మీవాళ్ళ గురించి కాదు."

"తెలుసు లెండి."

కోర్ కప్పు పిడిని గోటితో గీకుతూ ఉండిపోయాడు. రూడీ వాడి వైపు చూశాడు, ఏదైనా అంటాడేమోనని.

చివరికి తేలింది ఏమిటంటే, తాళం లేకపోతే పాటే వద్దు, రికార్డు వేసుకుంటానని లిగాయా తెగేసి చెప్పింది. తన కొడుకు పెళ్ళిలో స్పీకరు పెట్టెలోంచి పాట రావడమేమిటని హిల్డా పళ్ళు నూరి దిగొచ్చింది. దిగొచ్చిందని రూడీ అనుకున్నాడు.

ఆ వసంతమంతా అతను ఆ నిమిషం మీద పని చేశాడు. చాలామంది ఇలాంటి పాట మెట్లెక్కినట్టు ఒకే తీరున పెరిగితే చాలనుకుంటారు. అలా పెరిగితే సగంలోనే చెవి అలిసిపోతుంది. మొదట్లో ఎంత దాచుకుంటే చివర అంత ఇవ్వగలం. అందుకని ముందు వియోలా, చెల్లో చెరో స్వరం మెల్లగా సాగదీసి పట్టుకుంటాయి, పొద్దున్నే పొగమంచులా. తర్వాత చెల్లో కమాను వదిలి తీగ మీటుతుంది. అప్పుడు నడక పుడుతుంది. రెండో వయొలిన్ కలుస్తుంది. అసలు రాగం మొదటి వయొలిన్ లావు తీగ మీద, కిందిస్థాయిలో, గొంతు తగ్గించి మాట్లాడినట్టు మొదలవుతుంది. అదే రాగం రెండోసారి పైస్థాయికి ఎగురుతుంది, కింద మిగతా ముగ్గురూ కమానులు పూర్తిగా లాగుతారు. చివర రెండు ఆవర్తాల్లో అన్నీ తగ్గి, పెళ్ళికూతురు నిలబడేసరికి ఒక్క వియోలా మిగులుతుంది. నాలుగు దెబ్బల ఆవర్తాలు పద్దెనిమిది, నిమిషానికి డెబ్భై రెండు దెబ్బల నడక. సరిగ్గా నిమిషం.

లిటో రూడీ ఇంటి నేలమాళిగకి వచ్చి వాయించి చూశాడు. ముప్ఫై దాటిన మనిషి, వెల్డింగ్ పని, చేతుల మీద కాలిన చుక్కలు. ఫిలిపినోల చర్చి బృందంలో చిన్నప్పట్నుంచీ వాయిస్తున్నవాడు. మొదట పెట్టె ముందుపలక మీద బ్రష్షు రాయగానే చెల్లో మీటు మొత్తం దానికింద మునిగిపోయింది.

"ఎక్కువైంది కదన్నా," అన్నాడు లిటో తనే.

"ఎక్కువే. నువ్వు రావడం ఎవరికీ తెలియకూడదు. ఆపితే మాత్రం తెలియాలి."

ఆ మాట లిటోకి నచ్చింది. బ్రష్షులు చివరి సగానికి దాచారు. ముందర చేతిలో గలగలలాడించే చిన్న గిలకొక్కటే, అదీ బొటనవేలితో కొట్టినంత. రాగం ఎత్తుకునే ముందు మాత్రం వేలాడే ఇత్తడి పళ్ళెం మీద ఉన్ని చుట్టిన కర్రలతో వణికించి, అల వచ్చినట్టు ఒక్క ఆవర్తంలో పెంచి వదిలెయ్యాలి. ఆ అల మీద తలుపులోంచి లిగాయా అడుగు పడాలి.

"మా అక్కకి ఏడుపొస్తుంది," అన్నాడు లిటో.

"మీ అక్కకా?"

"రాదనుకో. మాకొస్తుంది."

పెళ్ళికి ముందు రోజు సాయంత్రం చర్చిలో రిహార్సల్ జరిగింది. అప్పటికి రాసిన తీరులో అసలు రాగానికి ముందు కూడా, వియోలా చెల్లోల మీద సన్నగా, మొదటి వయొలిన్ మొదటి ఆవర్తం నుంచే పలుకుతుంది, నడక ఆవిడ చేతిలోనే ఉంటుంది, మిగతావాళ్ళు ఆవిడ కమానును చూసి వస్తారు. పదిహేనేళ్ళుగా అదే అలవాటు.

హిల్డా మొదలుపెట్టింది. మూడో ఆవర్తానికల్లా రూడీకి ఏదో తేడా తెలిసింది. పాట నడవడం లేదు, ఈడ్చుకుంటోంది. తల్లి, తండ్రి చెరో పక్కన పట్టుకుని వస్తుంటే లిగాయా ఒక పాదం ముందుకు వేసి, రెండోది ఎప్పుడు వెయ్యాలో తెలియక ఊగిపోతోంది. విసిగి మామూలుగా నడిచేసింది. ముందుకొచ్చి నిలబడ్డాక, అప్పుడు రాగం పైస్థాయికి ఎక్కింది. అమ్మాయి అక్కడ దిక్కులు చూస్తూ నిలబడి ఉంటే ఇక్కడ పాట ఎవరికోసమో ఉప్పొంగుతోంది. లిటో ఆ నడకను తన నడకకి లాగబోయి, వీల్లేక, మధ్యలో చేతులు ఎత్తేశాడు.

హిల్డా కమాను దించింది. "చెప్పానా. ఆ అబ్బాయి నిలకడగా పట్టలేడు."

"మీరు నెమ్మదించారు," అన్నాడు లిటో.

"నేను నలభై ఏళ్ళుగా వాయిస్తున్నాను."

"నలభై ఏళ్ళలో ఈ పాట ఇదే మొదటిసారి కదా."

మూడుసార్లు వాయించారు. మూడుసార్లూ అంతే. మూడోసారి వర్నా చెల్లో వెనకనుంచి రూడీని చూసి కనుబొమలు ఎత్తింది. ఇక అనుమానం లేదు. ఆవిడ చేతకాక ఈడ్చడం లేదు, చేతనై ఈడుస్తోంది.

అందరూ వెళ్ళాక రూడీ ఆవిడని కోటు దండెం దగ్గర పట్టుకున్నాడు.

"ఎందుకిలా చేస్తున్నారు హిల్డా గారూ?"

"ఏం చేశాను?"

"మీ చిన్నప్పుడు వింక్లర్ దగ్గర మీ ఊరి చర్చిలో వయొలిన్ తెస్తే పెద్దలు గుమ్మంలోనే ఆపారని మీరే చెప్పారు. సారాకొట్టు వాద్యమని మీ నాన్నగారు అన్నారని. ఇప్పుడు మీరు లిటోని..."

ఆవిడ మొహం నల్లబడింది. "మా నాన్న పేరు నీ నోట రానివ్వకు. ఆయన నన్ను ఆపితే నేను ఊరే వదిలి వచ్చాను. నీలాగా ఒకరి పక్కన కూర్చుని, ఒకరు విసిరిన స్వరాలు తింటూ బతకలేదు."

పదిహేనేళ్ళలో ఆవిడ అతన్ని చాలా అంది. ఈ మాట మాత్రం మేకులా దిగింది. రూడీ ఇంటికి వెళ్ళి, కోటు కూడా విప్పకుండా బల్ల దగ్గర కూర్చున్నాడు. పాట మొదటి భాగంలోంచి మొదటి వయొలిన్‌ని పూర్తిగా తీసేశాడు. నడకను చెల్లో మీటుకీ లిటో గిలకకీ ఇచ్చాడు. పాట నడక పట్టి గట్టిపడ్డాకే హిల్డా రాగం మొదలవుతుంది. అప్పుడు ఆవిడ ఈడిస్తే మేళమంతా ఈడ్చుకుపోదు. ఆవిడ ఒక్కర్తే వెనకబడినట్టు ఊరందరికీ వినపడుతుంది. ఆ పరువు తక్కువ ఆవిడ చస్తే పడదు.

ఇంకొకటి కూడా చేశాడు. తలుపు దగ్గర ఏదైనా ఆలస్యమైతే పాట అయిపోకుండా, రాగానికి ముందున్న రెండు ఆవర్తాలను ఎన్నిసార్లయినా తిప్పి వాయించేలా గీతలు పెట్టాడు. పెళ్ళి పాటల్లో అది మామూలే. గౌను అంచు తలుపులో చిక్కుకోవచ్చు, తండ్రికి తుమ్ము రావచ్చు. అమ్మాయి గుమ్మంలో కుదురుకోగానే ఒకరు తల ఊపాలి. ఆ ఊపుతో లిటో పళ్ళెం అల ఎత్తుతాడు, రాగం వస్తుంది. ఎవరు ఊపాలి? వాళ్ళు కూర్చునే మూలకి అడ్డంగా ఒక స్తంభం ఉంది. తలుపు కనపడేది మొదటి కుర్చీలో కూర్చునే హిల్డాకే. రూడీ కాసేపు పెన్సిల్ కొరుకుతూ ఆలోచించాడు. నలుగురి ముందు, కన్నకొడుకు పెళ్ళిలో, ఆవిడ అంతకి దిగజారదులే అనుకున్నాడు. తలుపుకి గడియ పెట్టి కిటికీ తెరిచి పడుకున్నట్టయింది అతని తెలివి.

పెళ్ళిరోజు పొద్దున, చర్చి వంటగది పక్క గదిలో, కొత్త కాగితాలు పంచాడు. హిల్డా నిలబడే చదివింది. ఖాళీ ఆవర్తాలను వేలితో ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్ళింది.

"నాకు కళ్ళెం వేశావు," అంది.

"పాటకి వేశాను."

"నీకు రాయడం నేర్పింది నేను."

"అందుకే ఇంత బాగా వచ్చింది." అంతకుముందు అతను ఆవిడతో అలా మాట్లాడలేదు. డెన్నిస్ తన కమానుకి గుగ్గిలం ముక్క రాస్తూ ఇంకా దించాడు తల.

ఆవిడ కాగితాలు మడిచి చంకలో పెట్టుకుంది. "నేను వాయించకపోతే?"

"అమ్మవి కదా, ముందు వరసలో కూర్చో," అన్నాడు గుమ్మంలోంచి కోర్. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. నల్ల సూటులో మెడ ఎర్రగా కందిపోయి ఉంది. "అందరి అమ్మలూ కూర్చుంటారు. నేను మొదట్నుంచీ అదే అడిగాను నిన్ను."

"వాయిస్తాను," అంది హిల్డా.

చర్చి నిండింది. ఒక పక్క మెన్నొనైట్లు తెల్లటి తలలతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఒక పక్క లిగాయా తరపువాళ్ళు, వెనక వరసల దాకా పిల్లలతో. కోర్ ముందు నిలబడి తలుపు వైపు తిరిగాడు. రూడీ, వర్నా చెరో స్వరం పట్టారు. పాట పొగమంచులా కమ్మింది. ఎవరో దగ్గడం ఆపారు. వర్నా కమాను చేతిలోనే ఉంచుకుని వేలితో తీగ మీటింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు, పాట కాళ్ళ మీద నిలబడింది. డెన్నిస్ కలిశాడు. లిటో గిలక వచ్చిందో లేదో అన్నట్టు వచ్చింది. నడక రాయిలా ఉంది. హిల్డా వయొలిన్ గడ్డం కింద పెట్టుకుని, తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

తలుపులు తెరుచుకున్న చప్పుడు వినపడింది. తిప్పి వాయించే ఆవర్తాలు వచ్చాయి. ఒకసారి వాయించారు. రెండోసారి వాయించారు. రూడీ హిల్డా గడ్డం వైపే చూస్తున్నాడు. ఆ గడ్డం కదల్లేదు.

గౌను చిక్కుకుందేమో అనుకున్నాడు. మూడోసారి వాయించారు. జనం లేస్తున్న చప్పుడు వచ్చింది. బెంచీలు కిర్రుమన్నాయి, బూట్లు నేలకి రాశాయి. పెళ్ళికూతురు కనపడకపోతే జనం లేవరు. అంటే అమ్మాయి గుమ్మంలో నిలబడే ఉంది. పాట ఎత్తుకుంటే అడుగు వెయ్యాలని చెప్పారు కాబట్టి, తల్లి చెయ్యి ఒకటి, తండ్రి చెయ్యి ఒకటి పట్టుకుని, అందరి కళ్ళూ మీద పడుతుంటే కదలకుండా నిలబడి ఉంది. హిల్డా ఆమెనే చూస్తోంది. రెప్ప వెయ్యడం లేదు. నాలుగోసారి.

తనే ఊపుదామా అనుకున్నాడు రూడీ. పదిహేనేళ్ళ అలవాటు మెడని పట్టేసింది. ఆవిడ ఊపకుండా ఎవరూ ఏదీ మొదలుపెట్టలేదు ఆ మేళంలో, ఒక్కసారి కూడా.

అప్పుడు వెనకనుంచి ఇత్తడి పళ్ళెం వణికింది. లిటోకి తలుపు కనపడదు, గోడ వైపు కూర్చున్నాడు. బెంచీలు కిర్రుమనడం విన్నాడు, హిల్డా తల ఊపు కోసం ఎదురు చూడటం మానేశాడు. ఉన్ని కర్రల కింద ఆ అల లేచింది, ఆగని అల. వర్నా దానితో కలిసింది. డెన్నిస్, ఎన్నడూ నోరు విప్పనివాడు, కమాను పూర్తిగా లాగాడు. రూడీ లాగాడు. అల విరిగే చోట రాగం రావాలి. రాకపోతే ఆ చోట గొయ్యి ఉంటుంది, అందరూ అందులో పడతారు.

హిల్డా కమాను తీగ మీద పడింది. సరిగ్గా పడింది. ఆవిడ మనసు ఏమనుకుందో గాని, చెయ్యి మాత్రం నలభై ఏళ్ళుగా గొయ్యి చూస్తే ఊరుకోని చెయ్యి. లావు తీగ మీద రాగం గొంతు విప్పింది, వెచ్చగా, ఈడవకుండా. రిహార్సల్లో ఒక్కసారి కూడా అలా వాయించలేదు. లిటో బ్రష్షులు కిందకి వచ్చాయి, ఎవరికీ తెలియనంతగా. రాగం పైస్థాయికి ఎగిరేటప్పుడు లిగాయా మేళం పక్కనుంచే వెళ్ళింది. రూడీకి గౌను అంచు మాత్రం కనపడింది. తెల్లటి తలల వరసల్లో ఒక ముసలాయన జేబురుమాలు తీశాడు. అన్నీ తగ్గాయి. చివరికి వియోలా మిగిలింది. రూడీ ఆ స్వరాన్ని పట్టుకుని, మెల్లగా వదిలాడు.

తంతు అయ్యాక కిందగదిలో భోజనాలు పెట్టారు. ఒక బల్ల మీద పొగబెట్టిన సాసేజీలు, బన్నులు, ఇంకో బల్ల మీద పన్సిత్ నూడుల్సూ లోపల మాంసం పెట్టి వేయించిన రోల్సూ. రూడీ పైనే వాద్యం సర్దుకుంటుంటే లిగాయా గౌను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని వచ్చింది. కోర్ వెనకాలే ఉన్నాడు.

"ఏమిటది రూడీ గారూ? పొద్దున్నే గుమ్మంలో వదిలేసి పోయిన పాల సీసాలాగా నిలబెట్టారు నన్ను. ఏదో జరిగింది, పెళ్ళికొడుకు వద్దన్నాడేమో అనుకున్నారు మావాళ్ళు. ఒక్క నిమిషం అడిగాను నేను. ఒక్క నిమిషం."

రూడీ నోరు తెరిచాడు. రెండడుగుల దూరంలో హిల్డా వయొలిన్ తుడుస్తోంది. గుడ్డతో తీగల కింద పేరుకున్న గుగ్గిలం పొడి తుడుస్తోంది, నిదానంగా. అతను తిట్లు తింటుంటే తినమన్నట్టు.

"నేను ఊపాల్సింది," అన్నాడు రూడీ. "నా తప్పే."

"ఆయన తప్పు కాదు," అన్నాడు కోర్.

లిగాయా వెనక్కి తిరిగింది.

"నేను ఎదురుగా నిలబడి ఉన్నాను కదా," అన్నాడు కోర్. "అమ్మా, నువ్వు తనని చూశావు. నేను నిన్ను చూశాను. చూసి కూడా నువ్వు తల ఊపలేదు."

హిల్డా గుడ్డ మడిచింది. "ఎండ కళ్ళల్లో పడింది. కనపడలేదు."

"ఎండ ఇటు పక్కనుంచి రాదమ్మా. ఈ చర్చిలోనే పెరిగాను నేను."

కిందనుంచి పిల్లల అరుపులు వినపడ్డాయి. లిగాయా చాలాసేపు హిల్డాని చూసింది. అరుస్తుందనుకున్నాడు రూడీ. అరవలేదు.

"మీరు వాయించిన రాగం బాగుంది," అంది చివరికి. "మా ఇంటికి మాత్రం నేను పిలిస్తేనే రండి."

గౌను ఎత్తుకుని వెళ్ళిపోయింది. కోర్ ఒక్క క్షణం ఆగాడు. తల్లి వైపు అడుగు వేసేవాడిలా ఉన్నాడు, వెయ్యలేదు. భార్య వెనకాల మెట్లు దిగాడు.

హిల్డా వయొలిన్ పెట్టెలో పెట్టింది. మూత వెయ్యలేదు.

"ఎందుకు ఊపలేదు?" అడిగాడు రూడీ. కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలని.

"వాణ్ణి ఇంకాసేపు నా కొడుకుగా ఉండనిద్దామని," అంది. వెంటనే మొహం గట్టిపడింది. "ఈ మాట ఎక్కడన్నా అన్నావంటే లేదంటాను. ఏడో ఆవర్తంలో నీ స్వరం శ్రుతికి తక్కువ పలికింది, ఆ సంగతి చూసుకో."

"తక్కువ పలకలేదు."

"పలికింది."

"వచ్చే నెల నుంచి వేరే వియోలాని చూసుకోండి హిల్డా గారూ."

ఆవిడ తల ఎత్తింది. ఆశ్చర్యపోయిందో, ఎదురు చూసిందో రూడీకి అర్థం కాలేదు. "ఆగస్టులో రెండు పెళ్ళిళ్ళున్నాయి."

"వాటికి వాయిస్తాను. రాయను."

"రాయకపోతే నీ అవసరం ఏముంది? వియోలాలు వీధికి పదిమంది."

"అయితే ఇబ్బంది లేదుగా," అన్నాడు.

ఆవిడ మూత వేసింది. ఒక గొళ్ళెం పడింది, ఇంకోటి పడలేదు. వేళ్ళు దాని మీద రెండుసార్లు జారాయి. సాయం చెయ్యడానికి రూడీ చెయ్యి కదిలింది, ఆపుకున్నాడు. ఆవిడ పెట్టెను అలాగే చంకలో ఇరికించుకుని, భోజనాల వైపు కాకుండా, బయటి తలుపు వైపు వెళ్ళింది.

లిటో ఇత్తడి పళ్ళేన్ని దుప్పటిలో చుడుతున్నాడు. అంతా విన్నట్టే ఉన్నాడు.

"నేను ఆగలేకపోయానన్నా," అన్నాడు. "మీరు తిడతారనుకున్నా."

"నాకు ధైర్యం లేకపోయింది, నీకుంది," అన్నాడు రూడీ. "కహోన్ ఇలా ఇవ్వు, ఒక చెయ్యి పడతాను. మెట్లు ఇరుకు."

ఇద్దరూ పెట్టెను చెరో పక్క పట్టుకుని, రూడీ వెనక్కి వెనక్కి అడుగులు వేస్తుంటే దిగారు. కింద లిగాయా తల్లి అప్పటికే ఇద్దరికీ పళ్ళేలు నింపి పెట్టింది. రూడీ ఆమెకు దణ్ణం పెట్టినంత పని చేసి, హిల్డా కోసం ముందు బల్ల దగ్గర ఖాళీగా ఉంచిన కుర్చీని చూడకుండా, గోడవైపు తిరిగి కూర్చుని తిన్నాడు.